రోజూ వేసుకునే మాత్ర ఒంట్లో ఎంతవరకు పేరుకుంటుంది?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా అమ్మకు 52 ఏళ్లు. థైరాయిడ్ తక్కువగా ఉందని డాక్టరు గారు రోజూ పరగడుపున 50 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్ర వేసుకోమన్నారు. ఆరు వారాల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించమన్నారు. పది రోజులైంది, నీరసం అలాగే ఉంది. ఆరు వారాలు ఎందుకు ఆగాలి? మోతాదు పెంచితే త్వరగా తగ్గదా? ఇంకో భయం కూడా ఉంది. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ రోజుకు కొంచెం చొప్పున చేరి మా నాన్న ఎముకలను పాడుచేసింది. జీవితాంతం వేసుకోవలసిన ఈ మాత్ర కూడా అలాగే ఒంట్లో పేరుకుపోతుందా? నేను ఇంటర్‌లో ఎంపీసీ చదివాను, లెక్కతో చెప్పినా అర్థం చేసుకోగలను.

సమాధానం: పేరుకుంటుంది. పేరుకోవాలనే ఆ మాత్రను రోజూ వేసుకోమంటారు. అయితే అది ఒక హద్దు దాకా పేరుకుని అక్కడ ఆగిపోతుంది. ఆ హద్దు ఎంతో, దాన్ని చేరడానికి ఎన్నాళ్లు పడుతుందో మీరు ఇంటర్‌లో చదివిన గుణశ్రేఢితోనే తేల్చవచ్చు. నేను చాలా ఏళ్లు ఔషధశాస్త్రం బోధించాను. ఈ లెక్కను ఎప్పుడూ థైరాక్సిన్‌తోనే మొదలుపెట్టేదాన్ని, ఎందుకంటే ఇంత నింపాదిగా, ఇంత స్పష్టంగా ఆ శ్రేఢిని చూపించే మందు మరొకటి నాకు దొరకలేదు.

ముందుగా ఒక్క మాత్ర సంగతి చూద్దాం. థైరాక్సిన్ రక్తంలోకి చేరగానే అక్కడి ప్రోటీన్లకు అతుక్కుంటుంది. నూటికి 99.9 పాళ్లకు పైగా అలా అతుక్కునే ఉంటుంది. విడిగా తిరిగే ఆ అతి కొద్ది భాగమే కణాల్లోకి వెళ్లి పని చేస్తుంది, కాలేయం వంటి అవయవాల్లో విరిగిపోయేది కూడా అదే. అందుకే ఇది చాలా మెల్లగా ఖర్చవుతుంది. థైరాయిడ్ స్థాయి సరిగ్గా ఉన్న మనిషి ఒంట్లో థైరాక్సిన్ సగానికి తగ్గడానికి దాదాపు ఏడు రోజులు పడుతుంది. దీన్నే అర్ధాయువు అంటాం. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్‌కు ఇది రెండు మూడు గంటలే. ఆ మాత్ర ఎనిమిది గంటలకొకటి వేసుకున్నా ముందుది దాదాపు ఖాళీ అయ్యాకే తరువాతిది వస్తుంది కాబట్టి పేరుకోవడమన్న మాట అక్కడ దాదాపు ఉండదు. థైరాక్సిన్ విషయంలో నిన్నటి మాత్ర, మొన్నటి మాత్ర, పోయిన వారం మాత్ర అన్నీ ఇంకా కొంత కొంత మిగిలి ఉండగానే ఈ రోజు మాత్ర వెళ్లి వాటితో కలుస్తుంది.

ఏడు రోజుల్లో సగం మిగులుతుందంటే ఒక్క రోజులో ఎంత మిగలాలి? ఏడుసార్లు తనతో తాను గుణించుకుంటే సగం వచ్చే సంఖ్య కావాలి. అది 0.9057. అంటే ప్రతి ఉదయానికి నిన్న ఉన్నదానిలో నూటికి సుమారు 90.6 పాళ్లు మిగిలి, 9.4 పాళ్లు పోతాయి. ఈ 0.9057ను r అందాం. ప్రస్తుతానికి మాత్రలోని 50 మైక్రోగ్రాములూ ఒంట్లోకి చేరుతున్నాయని అనుకుందాం. అది పూర్తిగా నిజం కాదు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

మొదటి రోజు మాత్ర వేసుకోగానే 50. రెండో రోజు ఉదయానికి అందులో 45.3 మిగులుతుంది. దాని మీద మరో 50 వేస్తే 95.3. మూడో రోజు ఉదయానికి అది 86.3 అవుతుంది, మాత్ర వేశాక 136.3. నాలుగో రోజు మాత్ర తర్వాత 173.4. మొదటి నుంచి పెరుగుదలలను గమనించండి. 50, తర్వాత 45.3, తర్వాత 41, తర్వాత 37.1. వేసే మాత్ర అంతే ఉన్నా, ఒంట్లో పెరిగేది రోజురోజుకూ తగ్గుతోంది. ఉన్నది పెరిగేకొద్దీ, దానిలో నూటికి 9.4 పాళ్లుగా పోయేది కూడా పెరుగుతుంది కదా.

ఇది ఏ శ్రేఢో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. n మాత్రలు వేసుకున్నాక ఒంట్లో ఉన్నది ఈ మొత్తం:

S = 50 + 50r + 50r² + … + 50rⁿ⁻¹

మొదటి పదం ఈ రోజు మాత్ర, రెండోది నిన్నటి మాత్రలో మిగిలినది, చివరిది మొట్టమొదటి మాత్రలో మిగిలిన కాస్త. ఈ వరుసనంతా r తో గుణించి, పై వరుసలోంచి తీసేయండి. మధ్యలోవన్నీ ఒకదానికొకటి కొట్టుకుపోయి రెండు చివరలే మిగులుతాయి:

S = 50 × (1 − rⁿ) / (1 − r)

రోజులు గడిచేకొద్దీ rⁿ సున్నాకు దగ్గరవుతుంది. అప్పుడు మిగిలేది 50 / (1 − r), అంటే 50ని 0.0943తో భాగించగా వచ్చే 530. పాక్షిక మొత్తాలు ఎన్ని కూడినా ఈ 530ని దాటవు. మీ అమ్మగారు నలభై ఏళ్లు వేసుకున్నా మాత్ర వేసుకున్న క్షణాన 530, మర్నాడు మాత్రకు ముందు 480. ఈ రెండింటి మధ్యే అది ఊగుతూ ఉంటుంది. మేము దీన్ని స్థిర స్థాయి అంటాం.

సూత్రం మరిచిపోయినా ఈ 530ని మరో దారిలో పట్టుకోవచ్చు, నాకు ఆ దారే ఎక్కువ ఇష్టం. నిల్వ ఇక పెరగడం ఆగిందంటే, రోజుకు పోయేది రోజుకు వచ్చేదానితో సరిసమానమైందని అర్థం. వచ్చేది 50. ఏ నిల్వలో నూటికి 9.4 పాళ్లు తీస్తే 50 అవుతుంది? 530లో.

కొందరు దీన్ని చెరువు మత్తడితో పోలుస్తారు. ఆ పోలిక తప్పుదారి పట్టిస్తుంది. చెరువు నిండే వరకు మత్తడి మీదుగా చుక్క కూడా పోదు, నిండాక వచ్చినదంతా పోతుంది. ఒంట్లో అలా జరగదు. మొదటి రోజు నుంచే మందు పోతూ ఉంటుంది, ఉన్నదాన్ని బట్టి పోతుంది. రోజూ ఉదయాన్నే ఉన్న ధాన్యంలో పదో వంతు పంచిపెట్టి, ఆ వెంటనే యాభై కిలోలు పోసే గాదెను ఊహించుకోండి. ఎంత పెద్ద గాదె అయినా అందులో ధాన్యం 500 కిలోలను దాటదు. ఆపేది గాదె గోడ కాదు, పంచే నిష్పత్తి.

మందు లేకుండా ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఒంట్లోనూ ఇదే లెక్క నడుస్తోంది. పెద్దవాళ్ల థైరాయిడ్ గ్రంథి రోజుకు సుమారు 80 నుంచి 100 మైక్రోగ్రాముల థైరాక్సిన్ తయారుచేస్తుంది. గ్రంథి బయట ఒంట్లో ఉండే నిల్వ 800 నుంచి 1,000 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. రోజూ పోయేది అందులో దాదాపు పదో వంతు. ఆ గ్రంథి కూడా ప్రతిరోజూ శ్రేఢిలో ఒక పదం కలుపుతూనే ఉంది. మీ అమ్మగారి మాత్ర ఆ పనిలో తగ్గిన భాగాన్ని పూరిస్తోంది. జీవితాంతం వేసుకోవాలన్న మాటకు అర్థం ఇంతే.

ఇప్పుడు ఆరు వారాల సంగతి. 530కి ఇంకా ఎంత దూరంలో ఉన్నామో చూడండి. సూత్రంలోంచి ఆ లోటు 530 × rⁿ అని తేలుతుంది. అంటే లోటు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది, ఏడు రోజులకోసారి సగమవుతుంది. మొదట్లో లోటు 530. మొదటి వారం చివర 265, రెండో వారానికి 133, మూడో వారానికి 66, నాలుగుకు 33, అయిదుకు 17, ఆరుకు 8. ఆరో వారం చివర ఒంట్లో 522 ఉంటుంది, హద్దులో నూటికి 98 పాళ్లు. ఇక ఆగినా పెద్దగా పెరిగేదేమీ లేదు కాబట్టి అప్పుడు చేసిన పరీక్ష ఈ మోతాదు గురించి నిజం చెబుతుంది. మీరు ఉత్తరం రాసిన పదో రోజుకు లెక్క ప్రకారం ఉన్నది 333, అంటే నూటికి 63 పాళ్లు. ఆ రోజున పరీక్ష చేయిస్తే ఇంకా ఎక్కుతున్న మెట్ల మధ్య ఆపి కొలిచినట్లు అవుతుంది. చూసినవాళ్లు మోతాదు చాలలేదనుకుని పెంచే ప్రమాదం ఉంది.

మీ అమ్మగారి విషయంలో పదో రోజున ఆ 63 కూడా ఉండకపోవచ్చు. థైరాయిడ్ తక్కువైనప్పుడు ఒంట్లో అన్ని పనులూ మందగిస్తాయి, థైరాక్సిన్ విరిగిపోవడం కూడా మందగిస్తుంది. అలాంటివాళ్లలో అర్ధాయువు తొమ్మిది, పది రోజులు ఉంటుంది. పది రోజులనుకుంటే r 0.933 అవుతుంది, పదో రోజుకు సగం దూరమే వచ్చినట్లు. ఆరు వారాలకు నూటికి 94, 95 పాళ్లు. ఇంత నింపాదిగా ఉన్నప్పుడు కూడా ఆరు వారాల గడువు సరిపోతోంది. కొందరు డాక్టర్లు ఎనిమిది వారాలు అనడానికీ కారణం ఇక్కడే ఉంది.

మరో ఆలస్యం కూడా ఉంది, అది గుణశ్రేఢిలో కనబడదు. పరీక్షలో ముఖ్యంగా చూసేది టీఎస్‌హెచ్. అది థైరాయిడ్ గ్రంథి నుంచి రాదు, మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. రక్తంలో థైరాక్సిన్ చాలడం లేదని తోచినప్పుడు ఆ గ్రంథి టీఎస్‌హెచ్‌ను ఎక్కువ చేస్తుంది. నెలల తరబడి ఎక్కువ చేయడానికి అలవాటుపడిన గ్రంథి, థైరాక్సిన్ పెరిగిన మర్నాడే తగ్గించదు, కొన్ని వారాలు తీసుకుంటుంది. నీరసం, మలబద్ధకం, చలి ఎక్కువగా అనిపించడం వంటివి మెల్లగా తగ్గడం మొదలవుతాయి, పూర్తిగా పోవడానికి నెలలు పట్టవచ్చు. పది రోజుల్లో తేడా కనబడకపోవడం మందు పనిచేయడం లేదనడానికి గుర్తు కాదు.

మోతాదు పెంచితే త్వరగా చేరుతుందా అన్నదానికి జవాబు పై సూత్రంలోనే ఉంది. హద్దును నిర్ణయించేవి రెండు: మోతాదు, r. ఎన్నాళ్లకు చేరుతామన్నది నిర్ణయించేది r ఒక్కటే. రోజుకు 50 వేసుకున్నా, 100 వేసుకున్నా మొదటి వారం చివర తమ తమ హద్దుల్లో సగం దగ్గరే ఉంటారు, ఆరో వారానికి నూటికి 98 పాళ్ల దగ్గరే ఉంటారు. మోతాదు రెట్టింపు చేస్తే పది రోజులకే ఎక్కువ మందు ఒంట్లో ఉంటుంది, నిజమే. కానీ వెళ్లి ఆగేది 530 దగ్గర కాదు, 1,061 దగ్గర. త్వరగా ఊరు చేరాలని బస్సు ఎక్కి, ఆ ఊరు దాటి ఎక్కడో దిగినట్లు అవుతుంది.

ఆరు వారాల పరీక్ష చూసి డాక్టరు గారు 50 నుంచి 75కు పెంచారనుకోండి. అదనంగా చేరిన ఆ 25ను విడిగా ఒక కొత్త శ్రేఢిగా చూడండి. పాతది 530 దగ్గర స్థిరంగా ఉంటుంది. కొత్తది సున్నా నుంచి మొదలై 265 వైపు నడుస్తుంది. మళ్లీ అదే r, కాబట్టి మళ్లీ అవే ఆరు వారాలు. మోతాదు మార్చిన ప్రతిసారీ గడియారం మొదటికి వస్తుంది. ఇది తెలియక, మోతాదు మార్చిన రెండు వారాలకే పరీక్ష చేయించుకుని కంగారుపడేవాళ్లు చాలామంది.

లెక్క బాగా వచ్చినవాళ్లకు ఇక్కడ ఒక ఆలోచన రావాలి. హద్దు 530 అని తెలుసు కదా, మొదటి రోజే 530 ఇచ్చేసి, మర్నాటి నుంచి 50 చొప్పున ఇస్తే ఎదురుచూపే ఉండదు కదా? లెక్క ప్రకారం అది నూటికి నూరుపాళ్లు సరైనది. వైద్యంలో దాన్ని నిజంగానే వాడతారు. థైరాయిడ్ బాగా తగ్గిపోయి మనిషి స్పృహ తప్పే స్థితికి వచ్చినప్పుడు ఆసుపత్రిలో 200 నుంచి 400 మైక్రోగ్రాముల థైరాక్సిన్‌ను మొదటే నరంలోకి ఇస్తారు, తర్వాత రోజువారీ చిన్న మోతాదుతో నడుపుతారు. అక్కడ ప్రాణం మీదికి వచ్చింది కాబట్టి గుండెను కనిపెట్టి చూస్తూ ఆ సాహసం చేస్తారు. ఇంట్లో ఉన్న 52 ఏళ్ల మనిషికి అలా చేయరు. చాలాకాలంగా నెమ్మదిగా కొట్టుకుంటున్న గుండెకు థైరాక్సిన్ ఒక్కసారిగా అందితే దాని పని పెరుగుతుంది, దానికి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. గుండె రక్తనాళాల్లో తెలియని ఇరుకు ఉంటే ఛాతీ నొప్పి రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. గుణశ్రేఢి మెల్లగా ఎక్కడం ఇక్కడ మీ అమ్మగారికి రక్షణ. దయచేసి మీ అంతట మీరు మోతాదు పెంచకండి. ఈ ఆరు వారాల్లో ఎప్పుడైనా ఛాతీ నొప్పి, గుండెదడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం కనబడితే మాత్రం గడువు కోసం ఆగకుండా డాక్టరు గారిని కలవండి.

ఒక రోజు మాత్ర మరిచిపోతే ఏమవుతుందని మీరు అడగలేదు, కానీ అడుగుతారు. స్థిర స్థాయిలో ఉన్నవాళ్లు ఒక రోజు మరిస్తే, మర్నాడు మాత్రకు ముందు 480 ఉండవలసిన చోట 435 ఉంటుంది. ఆ 45 తేడా వారం తిరిగేసరికి సగమవుతుంది, ఇంకో వారానికి అందులో సగం. మనిషికి తెలియను కూడా తెలియదు. అదే రోజు గుర్తొస్తే ఖాళీ కడుపు చూసుకుని వేసుకోవచ్చు, లేదంటే మర్నాడు మామూలుగా కొనసాగించవచ్చు. భయపడి రెండేసి వేసుకోనక్కరలేదు.

ఒక్క రోజు వేరు, రెండు వారాలు వేరు. మహబూబ్‌నగర్‌లో ఉండే మా మేనత్త ఒక ఏడాది కురుమూర్తి జాతరకు వెళ్లి, అటునుంచి అటే చుట్టాల ఊళ్లు తిరిగి, మాత్రల డబ్బా ఇంట్లోనే మరిచి పధ్నాలుగు రోజులు గడిపింది. ఇంటికి వచ్చిన నాలుగు రోజులకే పరీక్ష. నాకు చెబితే కోప్పడతానని, ఆ నాలుగు రోజులూ మాత్ర క్రమంగా వేసుకుని పరీక్షకు వెళ్లింది. థైరాక్సిన్ మామూలు హద్దుల్లోనే, అట్టడుగున వచ్చింది. టీఎస్‌హెచ్ మాత్రం ఎక్కువగా వచ్చింది. పధ్నాలుగు రోజులంటే రెండు అర్ధాయువులు, మాత్రల వల్ల నిలిచి ఉన్నది నాలుగో వంతుకు పడిపోయి ఉంటుంది. నాలుగు మాత్రలు దాన్ని కొంత పైకి లేపాయి. పిట్యూటరీ మాత్రం ఇంకా ఆ రెండు వారాల కరువునే గుర్తుపెట్టుకుని ఉంది. ఆ రెండు అంకెలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం చూసి నేనే అడిగాను, అప్పుడు చెప్పింది. కోప్పడలేదు, నేను కోప్పడతానన్న భయమే ఆమె చేత దాయించిందని బాధపడ్డాను. మాత్రలు మానిన రోజులు ఉంటే డాక్టరుకు నిజం చెప్పాలి. లేకపోతే మోతాదు అనవసరంగా పెరుగుతుంది.

ఇప్పుడు నేను మొదట్లో దాటవేసిన సంగతి. మాత్రలోని 50 మైక్రోగ్రాములూ రక్తంలోకి చేరవు. ఖాళీ కడుపుతో వేసుకుంటే నూటికి 70 నుంచి 80 పాళ్లు చేరతాయి. 75 అనుకుంటే రోజుకు అందేది 37.5, హద్దు 530 కాదు, 398. చేరడానికి పట్టే కాలం మాత్రం మారదు. మాత్రతో పాటు టీ తాగినా, టిఫిన్ తిన్నా ఈ అందేది ఇంకా తగ్గుతుంది. మాత్ర వేసుకున్న తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట దాకా నీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలు పేగులో థైరాక్సిన్‌ను పట్టేసుకుంటాయి, వాటికీ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. మోకాళ్ల నొప్పులకని మీ అమ్మగారు ఉదయం కాల్షియం మాత్ర కూడా వేసుకుంటున్నారేమో చూడండి. ఈ పొరపాటు ఒక్క రోజులో బయటపడదు. హద్దే కిందికి జారుతుంది, నిల్వ వారాల తరబడి మెల్లగా దానివైపు దిగుతుంది. ఆరు వారాలకు టీఎస్‌హెచ్ తగ్గకపోతే మోతాదు చాలలేదని అనుకోవడానికి ముందు మాత్ర దేనితో వేసుకుంటున్నారో అడగాలి.

ఇంకా ఒక చిక్కు ఉంది. నేను r ను మారని సంఖ్యగా పట్టుకున్నాను. మీ అమ్మగారు కోలుకునేకొద్దీ అర్ధాయువు పది రోజుల నుంచి ఏడుకు దిగుతుంది, అంటే r కూడా కాస్త తగ్గుతుంది, హద్దూ తగ్గుతుంది. పైగా ఆమె గ్రంథి ఇంకా కొంత తయారుచేస్తూ ఉండవచ్చు, అది ఎంతో బయటినుంచి తెలియదు. అందుకే ఎవరూ కాగితం మీద శ్రేఢి కూడి మోతాదు తేల్చరు. ఒక మోతాదు ఇచ్చి, శ్రేఢి తన హద్దు చేరేదాకా ఆగి, రక్తాన్నే అడుగుతారు. ఎప్పుడు అడగాలన్నది మాత్రం శ్రేఢి చెబుతుంది.

ఇక మీ నాన్నగారి సంగతి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ భయం రావడం సహజం. పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికే నల్లగొండ పద్ధతి అని పేరు. మీ ప్రశ్నలో నన్ను ఆగేలా చేసింది ఈ పోలికే. అది తప్పు పోలిక కాదు. రెండూ ఒకే సూత్రం, తేడా అంతా r లో ఉంది.

ఒంట్లోని ఫ్లోరైడ్‌లో నూటికి 99 పాళ్లు ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. రక్తంలో ఉన్నదాన్ని మూత్రపిండాలు గంటల్లోనే బయటికి పంపుతాయి, కానీ ఎముకలోకి ఒకసారి చేరినది ఎముక అరిగి కొత్తగా కట్టుకునేటప్పుడు మాత్రమే బయటికి వస్తుంది. దాని అర్ధాయువు ఏళ్లలో ఉంటుంది. ఎనిమిదేళ్లనుకుని లెక్క వేద్దాం. ఎముక అంతా ఒకే పాత్ర కాదు కాబట్టి ఇది ఉజ్జాయింపే, కానీ స్వభావం తెలుస్తుంది. ఎనిమిదేళ్లంటే 2,922 రోజులు. రోజుకు మిగిలే నిష్పత్తి 0.99976. రోజుకు పోయేది నూరు రూపాయల్లో రెండున్నర పైసలంత కూడా కాదు. థైరాక్సిన్‌కు 1 / (1 − r) విలువ 10.6, అంటే దాదాపు పదకొండు మాత్రల విలువ దగ్గర ఆగింది. ఇక్కడ అదే విలువ సుమారు 4,200. రోజుకు ఒక్క మిల్లీగ్రాము ఎముకలో చేరినా హద్దు నాలుగు గ్రాములు దాటుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదన్న చోట అంతకు కొన్ని రెట్లు ఉన్న నీళ్లు, ఎండలో పొలం పని చేసి నాలుగైదు లీటర్లు తాగే మనిషికి రోజూ చేరేది ఆ ఒక్క మిల్లీగ్రాముతో ఆగదు. అక్కడా శ్రేఢికి హద్దు ఉంది. ఆరు అర్ధాయువులు గడిచి దాన్ని చేరాలంటే 48 ఏళ్లు కావాలి. ఆ హద్దు చాలా దూరంలో ఉండగానే ఎముకలు బిగుసుకుపోతాయి, వెన్ను వంగుతుంది.

దిగేటప్పుడూ అదే r. మీ అమ్మగారు ఏదైనా కారణంతో మాత్ర ఆపేస్తే ఆరు వారాలకు దాని వల్ల నిలిచినదాంట్లో నూటికి రెండు పాళ్లు కూడా మిగలదు. మీ నాన్నగారి ఎముకల్లో చేరినది సగం తగ్గడానికే ఈ లెక్కలో ఎనిమిదేళ్లు. వంగిన ఎముక దానితో నిటారు కాదు, ఆ మాట దాచి చెప్పలేను. అయినా కొత్తగా కలిసే పదాలను ఆపడం మన చేతిలో ఉంది. ఇంటికి నల్లా ద్వారా కృష్ణా నీళ్లు వస్తుంటే తాగడానికే కాదు, వంటకు, పప్పు ఉడకబెట్టడానికి, టీకి కూడా అవే వాడండి. బోరు నీళ్లను మరిగించి వాడితే సరిపోతుందని కొందరంటారు. మరిగితే ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కనవుతుంది.

అమ్మగారి పరీక్ష రోజున ఉదయం రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోమనండి. మాత్ర వేసుకున్న తర్వాత కొన్ని గంటలపాటు రక్తంలో థైరాక్సిన్ కాస్త ఎక్కువగా కనబడుతుంది. రక్తం తీసినది మాత్రకు ముందా తర్వాతా అన్నది, ఈ ఆరు వారాల్లో ఎన్ని రోజులు మాత్ర తప్పిందన్నది ఒక కాగితం మీద రాసి డాక్టరు గారికి ఇవ్వండి.